బాపట్ల వచ్చింది, పొన్నూరు రాలేదు: పాపతో రోజుకి పది నిమిషాల తెలుగు

మేము డాలస్ దగ్గర ఉంటాం. పాపకి ఏడేళ్లు. తెలుగు వింటే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. జనవరి మొదటి వారం నుంచి రోజూ పది నిమిషాలు కూర్చుంటున్నాం: ఐదు నిమిషాలు చదవడం, ఐదు నిమిషాలు మాట్లాడడం. వారానికి ఆరు రోజులు ఇలా సాగుతుంది. ఏడో రోజు గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా అమ్మా నాన్నలతో ఇరవై నిమిషాల వీడియో కాల్, అదే వారం పరీక్ష. ఇప్పుడు సెలవులకి గుంటూరు వచ్చి, నోటుబుక్కులో రాసుకున్నదంతా ఇక్కడే కూర్చుని ఎక్కిస్తున్నాను. ఎక్కువ రాసింది ఒత్తుల గురించే. మేము ఎక్కువ కాలం ఇరుక్కుపోయింది అక్కడే.

మొదటి దశ: జనవరి, ఫిబ్రవరి. చుట్టాల పేర్లతో ఒత్తులు

అచ్చులు, హల్లులు, గుణింతాలు పోయిన ఏడాదే ఎలాగో అయ్యాయి. ఒత్తుల దగ్గర కొత్తగా మొదలుపెట్టాను. చాలా ఒత్తులు తమ అక్షరాన్నే చిన్నగా, తలకట్టు తీసి రాసినట్టుంటాయి. ద, ప, చ ఒత్తులు పిల్లలే పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం తమ అక్షరాన్ని అసలు పోలవు. తెలుగులో ఎక్కువగా కనిపించేవీ ఇవే.

వీటికి నేను ఎంచుకున్న దారి చుట్టరికాలు. అత్త, అన్న, అమ్మ, మామయ్య, అక్క, నాన్న, పెద్దమ్మ, తాతయ్య. పాపకి ఈ మనుషులందరూ తెలుసు. ర ఒత్తుకి చుట్టరికం దొరకలేదు, దాన్ని వాయిదా వేశాను.

రెండు వారాల్లో ఎనిమిదికి ఎనిమిది చదివేసింది. నేను నమ్మేశాను. ఇది ఈ ప్రాజెక్టులో నేను చేసిన పెద్ద పొరపాటు. ఎందుకో మార్చిలో తెలిసింది.

మాట్లాడడం దగ్గర ఇంకో ఇబ్బంది. "నేను ఆకలి", "నేను తెలుసు", "నేను తలనొప్పి" అంటుంది. తప్పు అన్నప్పుడల్లా "నాకు ఆకలేస్తోంది అనాలి" అని సరిదిద్దేదాన్ని. ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను. ఐదు నిమిషాల్లో పాప గొంతు వినిపించింది యాభై సెకన్లు. మిగతాదంతా నేనే. సరిదిద్దిన ప్రతిసారీ తర్వాతి వాక్యం ఇంకా చిన్నదైపోతోంది.

ఫిబ్రవరి చివరికి లెక్క: 48 రోజుల్లో 39 రోజులు కూర్చున్నాం. 6 గంటల 30 నిమిషాలు. వారం పరీక్షలు 8కి 7.

రెండో దశ: మార్చి. నాన్న ఇచ్చిన చీటీ

మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరుగుతాయి. అప్పటిదాకా మా శనివారం రాత్రి ఎనిమిదికి చేస్తే గుంటూరులో ఆదివారం ఉదయం ఏడున్నర. మారాక అదే కాల్ అక్కడ ఆరున్నరకి పడింది. అమ్మకి అది పాలు కాచే వేళ, వాకిలి పని వేళ. రెండు వారాలు పరీక్ష పోయింది. చివరికి మా ఆదివారం ఉదయం ఎనిమిదికి మార్చాం, గుంటూరులో సాయంత్రం ఆరున్నర. మీరు మొదలుపెట్టేటప్పుడే గడియారం మారాక ఏ వేళకి పడుతుందో లెక్క వేసి పెట్టుకోండి.

పోయినవి పోగా జరిగిన ఒక కాల్‌లో నాన్న పాపని అడిగారు, "తల్లీ, నేను ఊళ్ల పేర్లు చూపిస్తాను, చదువుతావా?" అని. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. కాగితం మీద పెద్దక్షరాలతో బాపట్ల అని రాసి కెమెరా ముందు పెట్టారు. చదివింది. మాచర్ల చదివింది. పొన్నూరు పెట్టారు.

"పొ… నూ… న… రు."

రేపల్లె అంటే "రే… ప… లె… ల". సత్తెనపల్లి సగంలోనే వదిలేసింది.

కాల్ అయ్యాక నాన్న నాతో విడిగా అన్నారు. "బాపట్లలో ఒత్తుంది, పొన్నూరులో ఒత్తుంది. ఒకటి వస్తోంది, ఒకటి రావట్లేదు. తేడా ఏంటో చూడమ్మా."

ఆ రాత్రి రెండు పేర్లూ పక్కపక్కన రాసుకుని చూశాను. బాపట్లలో ట్ల మీద వేరే గుర్తేమీ లేదు, తలకట్టు కిందే లెక్క. పొన్నూరులో న్నూ మీద కొమ్ము దీర్ఘం ఉంది. గుర్తు గీసేది పై అక్షరానికి. పలికేది కింది అక్షరం తర్వాత. పాప కనిపించిన వరసలో చదువుతోంది: పై అక్షరం, దానికి అంటుకున్న గుర్తు, తర్వాత కింద ఉన్న ఒత్తు. అందుకే నూ, ఆ తర్వాత న.

బాపట్ల కూడా ఆమె ఇదే తప్పు పద్ధతిలో చదువుతోంది, బా-ప-ట-ల అని. అది గబగబా అంటే బాపట్ల అయిపోతుంది. అ-మ-మ గబగబా అంటే అమ్మ. తలకట్టు ఉన్నచోట తప్పు కరిగిపోతుంది, ఇంకో గుర్తు ఉన్నచోట బయటపడుతుంది. నేను ఇచ్చిన చుట్టాల పేర్లన్నీ తలకట్టు ఒత్తులే. పిన్ని, చెల్లి, తమ్ముడు ఇచ్చి ఉంటే జనవరిలోనే తెలిసేది. అవి ఇచ్చినా, తెలిసిన మనుషులు కాబట్టి ఊహించి చెప్పేసేదేమో. ఊళ్ల పేర్లలో ఊహకి చోటు లేదు. పరీక్షకి అవే సరైనవి.

నాన్నా నేనూ కలిసి పన్నెండు పేర్ల చీటీ తయారు చేశాం. ఇది ఎవరైనా వాడుకోవచ్చు.

మొదటి వరస (ఒత్తు మీద తలకట్టు లేదా సున్న): బాపట్ల, మాచర్ల, పిడుగురాళ్ల, కర్లపాలెం, నిజాంపట్నం, బెల్లంకొండ.

రెండో వరస (ఒత్తు మీద వేరే గుర్తు): పొన్నూరు, రేపల్లె, సత్తెనపల్లి, కొల్లూరు, ప్రత్తిపాడు, భట్టిప్రోలు.

ప్రతి వారం ఇవే పన్నెండు, వరస మాత్రం మార్చి. పేరులో ఒక్క అక్షరం తప్పినా ఆ పేరుకి సున్నా. చీటీ నాన్న దగ్గర ఉంటుంది, టిక్కులు ఆయనే పెడతారు. పాప పక్కన నేను కూర్చోను. మొదటిసారి కూర్చుంటే నా పెదవులు చూస్తోంది. నాకు తెలియకుండానే నేను పేరు పలుకుతున్నాను.

మొదటి కొలత: మొదటి వరస 6కి 5, రెండో వరస 6కి 1.

మార్చి చివరికి లెక్క: 72 రోజుల్లో 57. 9 గంటల 30 నిమిషాలు. వారం పరీక్షలు 12కి 9.

మూడో దశ: ఏప్రిల్. రంగులు, ఎందుకు వదిలేశాను

పై అక్షరం నలుపు, ఒత్తు ఎరుపు, గుణింతం గుర్తు నీలం. నలుపు, ఎరుపు, నీలం వరసలో చదవాలి. ఇది నా ఆలోచన.

కంప్యూటర్లో చేద్దామంటే కుదరలేదు. ఒత్తుకి మాత్రమే రంగు మారుద్దామంటే అక్షరం విడిపోయి పొల్లులా కనిపించింది. చేత్తో మూడు స్కెచ్ పెన్నులతో రాశాను. నల్లటి పేర్లు మాత్రం `Noto Sans Telugu` ఫాంటులో 36 సైజులో ప్రింటు తీశాను, వరసల మధ్య ఖాళీ రెట్టింపు పెట్టి. ఖాళీ తక్కువైతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుతాయి, పిల్లలు ఏది దేనిదో పోల్చుకోలేరు.

రంగుల చీటీలతో మూడో వారానికి రెండో వరస 6కి 4 వచ్చింది. అదే వారం నాన్న కెమెరాలో నల్ల అక్షరాల చీటీ చూపించారు. 6కి 1.

ఆమె రంగుల వరస నేర్చుకుంది, అక్షరం వరస కాదు. రంగులు నెమ్మదిగా తగ్గిస్తే పోతుందేమో అని ఇంకో వారం లేత రంగులతో చూశాను. 6కి 2. రోడ్డు మీద ఏ బోర్డూ మూడు రంగుల్లో ఉండదు కదా అని అమ్మ అంది. అక్కడితో ఆపేశాను.

మాట్లాడడంలో ఈ నెలే దారి దొరికింది, అది అమ్మ పుణ్యం. పాప "అమ్మమ్మా, నేను ఆకలి" అంది. అమ్మ సరిదిద్దలేదు. "ఎవరికి?" అని అడిగింది. "నాకు." "ఏంటి నీకు?" "నాకు ఆకలి." అంతే. తెలుగులో ఆకలి, నిద్ర, భయం, జ్వరం, ఇష్టం, తెలియడం, కావడం, రావడం ఇవన్నీ మనిషికి కలుగుతాయి, అందుకే నాకు. పాపకి సూత్రం చెప్తే ఎక్కదు. ఎవరికి అని అడిగితే జవాబులోనే 'కు' వచ్చేస్తుంది.

ఇంట్లో నేనూ అదే మొదలుపెట్టాను. రెండు షరతులు పెట్టుకున్నాను:

1. వాక్యం పూర్తయ్యేదాకా ఆపకూడదు.
2. ఐదు నిమిషాల్లో ఎవరికి అని మూడుసార్లకి మించి అడగకూడదు. మిగతా తప్పులు ఆ రోజుకి వదిలేయాలి.

నెలాఖరు రికార్డింగులో పాప గొంతు రెండు నిమిషాల పది సెకన్లు.

ఏప్రిల్ చివరికి లెక్క: 96 రోజుల్లో 78. 13 గంటలు. వారం పరీక్షలు 16కి 13.

నాలుగో దశ: మే. మడత చీటీ

రంగులు పోయాక మళ్లీ మొదటికి వచ్చి ఆలోచించాను. పాపకి పొల్లు వచ్చు. బస్, ఫోన్, బాల్ అని తెలుగులో రాస్తే చదువుతుంది. అంటే న్, ల్, స్ అనే సగం అక్షరాలు ఆమెకి కొత్త కావు. న్నూ అంటే న్ తర్వాత నూ. ల్లె అంటే ల్ తర్వాత లె. పైన ఉన్నది సగం అక్షరం, గుణింతం కింది అక్షరానిది. ఈ ఒక్క ముక్క ఆమె చేతికి అందేలా ఎలా చేయాలన్నదే సమస్య.

చీటీ ఇలా చేశాం:

1. అరచేయంత మందపాటి కాగితాన్ని శుభలేఖలా మధ్యకి మడవాలి.
2. మడత లోపల విడదీసి రాయాలి: పొ · న్ · నూ · రు.
3. మడత పైన మామూలుగా రాయాలి: పొన్నూరు.
4. మొదటి మూడు రోజులు లోపలిది చదివి, మూసి, పైది చదవాలి.
5. నాలుగో రోజు నుంచి ముందు పైది చదివి, తెరిచి తానే సరిచూసుకోవాలి.
6. వారానికి నాలుగు కొత్త పేర్లే. పరీక్షలో ఉన్న పన్నెండు పేర్లకి మడత చీటీ చేయకూడదు. చేస్తే బట్టీ పడుతుంది, కొలత పాడవుతుంది.

ఆరోది రాశాను కానీ మొదటి వారం నేనే తప్పాను, పొన్నూరుకి చీటీ చేసేశాను. ఆ పేరుని పరీక్ష నుంచి తీసి దాని బదులు తాడేపల్లి పెట్టాం. చీటీలకి వాడినవి దుగ్గిరాల, కొల్లిపర, దాచేపల్లి, ఉండవల్లి, ఇంకా పిన్ని, చెల్లి, తమ్ముడు, బల్లి, పిల్లి లాంటి ఇంటి మాటలు.

రెండో వరస కొలతలు మే నాలుగు వారాలకి: 3, 4, 5, 5. అన్నీ నల్ల అక్షరాలే, నాన్న చూపించినవే.

ఐదో మెట్టు అన్నిటికంటే పనికొచ్చింది. తెరిచి చూసి "ఓ, ల్ ముందు" అని తనే అనుకునేది. నేను తప్పు అనాల్సిన పని లేకుండా పోయింది. పది నిమిషాల్లో కోపాలు తగ్గింది కూడా ఇక్కడి నుంచే.

మిగిలిపోయిన ఒక్కటీ ప్రతిసారీ భట్టిప్రోలు. ట్టి సరిగ్గా వస్తుంది. ప్రో దగ్గర "రపో" అంటుంది. కారణం వేరు. ర ఒత్తు అక్షరం కింద మాత్రమే ఉండదు, ఎడమ పక్క నుంచి చుట్టుకుని వస్తుంది. ఎడమ నుంచి కుడికి చదివే పిల్లకి ముందు తగిలేది అదే. పైగా పొన్నూరు, రేపల్లెల్లో పైనా కిందా ఒకటే అక్షరం, వరస తారుమారైనా హల్లు మారదు. ప్రోలో రెండు వేరు అక్షరాలు. ద్విత్వం వచ్చినంత మాత్రాన సంయుక్తం వచ్చినట్టు కాదని ఇక్కడ తెలిసింది. ఈ రెండిటినీ చీటీలో కలపకుండా మొదటే విడి వరసలుగా పెట్టి ఉండాల్సింది.

మే చివరికి లెక్క: 120 రోజుల్లో 100. 16 గంటల 40 నిమిషాలు. వారం పరీక్షలు 20కి 17.

ఐదో దశ: జూన్, గుంటూరు

వచ్చిన మూడో రోజు నాన్న పాపని ఎన్టీఆర్ బస్ స్టేషన్‌కి తీసుకెళ్లారు. నేను వెనక నోటుబుక్కుతో. బస్సుల ముందు బోర్డులు చదవడమే ఆ రోజు పది నిమిషాలు.

మొదటి ఐదు నిమిషాలు ఏమీ చదవలేదు. ఇంట్లో 6కి 5 చదివిన పిల్ల బస్సు ముందు నిలబడి నా వైపు చూసింది. కంగారుపడి ఏడుపు మొహం పెట్టింది. తర్వాత కూర్చుని చూస్తే మూడు కారణాలు కనిపించాయి. ఒకటి, బస్సు ఆగదు, ఆమె ఇంకా రెండో అక్షరం దగ్గర ఉండగానే వెళ్లిపోతుంది. రెండు, పెయింటుతో రాసిన అక్షరాల్లో తలకట్టు చిన్న టిక్కులా ఉంటుంది, ఒత్తు బోర్డు అంచులో ఇరుక్కుంటుంది. ఆమె ఇంతవరకూ ఒక్క ఫాంటే చూసింది. మూడు, రాసే తీరు. మేము పిడుగురాళ్ల అని నేర్పాం, బోర్డు మీద పిడుగురాళ్ళ అని ఉంది. రెండూ వాడుకలో ఉన్నవే, పిల్లకి మాత్రం కొత్త మాట.

నాన్న పద్ధతి మార్చారు. కదిలే బస్సులు వదిలేసి, ప్లాట్‌ఫాం మీద ఆగి ఉన్న బస్సు దగ్గరికి తీసుకెళ్లారు. పక్కన పెద్దక్షరాలతో పల్లె వెలుగు అని ఉంది. "ఇది చదువు తల్లీ, దీని మీద నేను చాలా ఏళ్లు తిరిగాను" అన్నారు. ల్లె దగ్గర ఆగింది. వేలితో గాల్లో మడత తెరిచినట్టు చేసింది. "పల్… లె." తర్వాత వెలుగు చదవడానికి సెకను పట్టలేదు.

ఆ రోజు ఆగి ఉన్న బస్సులు పద్నాలుగు చూశాం, తొమ్మిది చదివింది. తప్పిన ఐదిట్లో రెండు ర ఒత్తువి, రెండు పెయింటు చెరిగినవి, ఒకటి చిలకలూరిపేట. అందులో ఒత్తే లేదు, మాట పొడుగుకి భయపడింది.

మర్నాడు నుంచి రోజూ సాయంత్రం బ్రాడీపేటలో రెండు వీధులు నడుస్తూ ఆగి ఉన్న బోర్డులే చదివిస్తున్నాం. రోజుకి నాలుగు, నాలుగూ వేర్వేరు రాతల్లో. ఒకే రకం ఫాంటుతో నెలల తరబడి నేర్పడం నా రెండో పొరపాటుగా రాసుకున్నాను. డాలస్‌లో ఉండగానే అమ్మని వీధిలో నాలుగు బోర్డులు ఫోటో తీసి పంపమంటే సరిపోయేది.

మాటల్లో కొత్త చిక్కు ఇక్కడే కనిపించింది. మందుల షాపులో ఆయన ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే పాప "మనం డాలస్‌లో ఉంటాం" అంది. ఆయన్ని కూడా కలిపేసింది. మేము, మనం తేడా వీడియో కాల్‌లో బయటపడలేదు, అక్కడ ఎప్పుడూ ఇంట్లోవాళ్లే కదా. అమ్మ 'ఎవరికి?' లాగే దీనికీ ఒక ప్రశ్న వెతికింది: "నేను కూడానా?" పాప ఆలోచించి "కాదు, మేము" అంటుంది. నాలుగు రోజుల్లో ఆరుసార్లు అడగాల్సి వచ్చింది, చివరి రెండుసార్లు అడగకముందే సరిచేసుకుంది.

నాకు, నేను సంగతి: నిన్నటి రికార్డింగులో ఇలాంటి వాక్యాలు పదకొండు, తొమ్మిది సరిగ్గా వచ్చాయి. తప్పినవి రెండూ 'నేను తెలుసు'. అది ఒక్కటే గట్టిగా అంటుకుని ఉంది. పాప గొంతు మూడు నిమిషాల ఇరవై సెకన్లు.

జూన్ రెండో వారానికి లెక్క: 132 రోజుల్లో 111. 18 గంటల 30 నిమిషాలు. వారం పరీక్షలు 22కి 19. చివరి రెండూ కెమెరా లేకుండా నాన్న పక్కనే కూర్చుని పెట్టారు.

రేపటి నుంచి ర ఒత్తు ఒక్కటే. మడత చీటీలు నాలుగు రాసి పెట్టాను: క్రోసూరు, చేబ్రోలు, రాత్రి, మిత్రుడు. భట్టిప్రోలు పరీక్షలోనే ఉంటుంది. ఈసారి మడత లోపల ప్ · రో అని రాసేది పాపే.